ముక్క చల్లారేదాకా ఆగాలి: ఇంజినీరింగ్ కంపెనీకి ఉద్యోగాల ఫిల్ము రాయడమెలా?

డ్రోన్ పైనుంచి కంపెనీ భవనాన్ని చూపిస్తుంది. అద్దాల తలుపు తెరుచుకుంటుంది. ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న నలుగురు కుర్రాళ్లు ల్యాప్‌టాప్ చుట్టూ చేరి నవ్వుతుంటారు. తెర మీద ఏముందో మనకు కనిపించదు. చివర్లో ఒకాయన "మేమంతా ఒక కుటుంబం" అంటాడు. ప్లేస్‌మెంట్ల సమయంలో కాలేజీ సెమినార్ హాల్లో వేసే కంపెనీ ఫిల్ములు చాలావరకు ఇలాగే ఉంటాయి. పేరు మారిస్తే సిమెంటు ఫ్యాక్టరీకైనా, సాఫ్ట్‌వేర్ ఆఫీసుకైనా సరిపోతాయి. అది చూసి చేరిన ట్రైనీ ఇంజినీరు మొదటి నెలలో రెండో షిఫ్టులో నిలబడి తనిఖీ పత్రాలు నింపుతూ, తాను చూసిన కంపెనీ, చేరిన కంపెనీ ఒకటేనా అనుకుంటాడు.

ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఎవరూ రారేమోనన్నది యాజమాన్యాల భయం. అమెరికాలో జాన్ వానస్ అనే పరిశోధకుడు దీన్ని ఫిల్ముతోనే పరీక్షించాడు. ఒక టెలిఫోన్ కంపెనీలో ఆపరేటర్లుగా చేరబోయే వారిలో కొందరికి మామూలు పొగడ్తల ఫిల్ము చూపించాడు. మిగతావారికి చూపిన ఫిల్ములో పనిలో వైవిధ్యం తక్కువని, పర్యవేక్షణ ఎక్కువని, తప్పు చేస్తే మాట పడాలి గానీ బాగా చేస్తే మెచ్చుకునేవారు ఉండరని కూడా ఉంది. ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. ఉద్యోగానికి ఒప్పుకున్నవారి విషయంలో రెండు గుంపుల మధ్య పెద్ద తేడా రాలేదు. కానీ నిజం చూసి చేరినవారికి మానేద్దామన్న ఆలోచన తక్కువగా వచ్చింది. తర్వాత జరిగిన అధ్యయనాలు ఈ ప్రభావం ఉన్నమాట నిజమేగానీ అది చిన్నదేనని తేల్చాయి. జీతం తక్కువైతే, పైఅధికారి సరిగా లేకపోతే ఏ ఫిల్మూ మనిషిని నిలబెట్టలేదు. అయితే నిజం చెప్పినంత మాత్రాన మనుషులు పారిపోరని తేలింది కదా. స్క్రిప్టు రాసేవాడికి ఆ ధైర్యం చాలు.

అసలు చిక్కు రాతలో ఉంది. చాలామంది ఆకర్షణకు ఒక సీను, నిజాయితీకి ఒక సీను విడివిడిగా రాస్తారు. మూడు నిమిషాలు మెరుపులు చూపించి, చివర్లో "ఇక్కడ కష్టపడాల్సి ఉంటుంది" అని ఒక వాక్యం అంటిస్తారు. ఆ వాక్యం ఎవరి చెవికీ ఎక్కదు. పనిలోని కష్టం, ఆ పని మీద ఆసక్తి ఒకే సీనులో కనిపించాలి. అలాంటి సీను గదిలో కూర్చుంటే దొరకదు, షాప్ ఫ్లోర్ మీద వెతుక్కోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ బాలానగర్‌లో విమాన భాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా మెషినింగ్ కంపెనీ ఉందనుకోండి. ఏటా కొందరు డిప్లొమా, బీటెక్ వాళ్లను క్వాలిటీ, ప్రొడక్షన్ విభాగాల్లోకి తీసుకుంటుంది. నాలుగు నిమిషాల ఫిల్ము కావాలంటుంది. రచయిత కెమెరా లేకుండా ముందుగా వెళ్లి కనీసం రెండు షిఫ్టులు అక్కడ గడపాలి. అందులో ఒకటి రాత్రిదైతే మంచిది. గత ఏడాదిలో చేరినవాళ్లతోనూ, వీలైతే మానేసినవాళ్లతోనూ మాట్లాడాలి. హెచ్‌ఆర్ వాళ్లు పక్కన కూర్చుంటే ఎవరూ నోరు విప్పరు కాబట్టి వాళ్లను బయట ఉండమనాలి.

అడిగే ప్రశ్నను బట్టే సరుకు దొరుకుతుంది. "ఈ కంపెనీలో మీకు నచ్చిందేమిటి?" అంటే నేర్చుకోవడానికి చాలా ఉందనో, టీమ్ బాగుంటుందనో అంటారు. అవి అబద్ధాలు కావు గానీ వాటితో సీను కట్టలేం. "నిన్న ఇంటికెళ్లే ముందు చివరిగా ఏం చేశారు?" అని అడిగి చూడండి. "ఒక హౌసింగ్ కొలత తేడా వచ్చిందండీ. వేడిగా ఉంది, చల్లారేదాకా ఆగి మళ్లీ కొలిచాం. అందుకే లేటయింది" అంటారు. ఫిల్ముకు కావలసిన సీను ఇదిగో, ఇక్కడుంది.

ఆ సీను వెనకున్న లెక్క రచయితకు అర్థం కావాలి. అది అల్యూమినియం హౌసింగ్. అందులో రెండు రంధ్రాల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 20 మైక్రాన్ల తేడా వరకు ఒప్పుకుంటారు. కొలతలు తీసే గదిని 20 డిగ్రీల వద్ద ఉంచుతారు, ప్రపంచమంతా కొలతలకు ప్రమాణంగా తీసుకునే ఉష్ణోగ్రత అదే. మెషిన్ మీద నుంచి అప్పుడే దిగిన ముక్క 30 డిగ్రీలుందనుకోండి. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు దాదాపు 23 మైక్రాన్లు సాగుతుంది. ఆ లెక్కన 200 మిల్లీమీటర్లకు, పది డిగ్రీలకు 46 మైక్రాన్లు. ఒప్పుకునే తేడాకు ఇది రెట్టింపు దాటింది. సరిగ్గా తయారైన ముక్కే కొలతలో తప్పుగా కనిపిస్తుంది. కొత్త ఇంజినీరు కంగారుపడి మెషిన్‌లో కొలతలు సర్దితే, అంతదాకా బాగున్న ముక్కలు అప్పటినుంచి నిజంగానే పాడవుతాయి.

ఓపిక, విసుగు, బాధ్యత, ఫిజిక్స్, షిఫ్టు చివర్లో ఇంటికెళ్లాలన్న తొందర అన్నీ ఈ సీనులో ఉన్నాయి. చదువులో నేర్చుకున్న వ్యాకోచం పాఠం ఇక్కడ డబ్బుతో ముడిపడిన నిర్ణయం అవుతోందని చూసే విద్యార్థికి అర్థమవుతుంది. ఆకర్షణ ఇదే. గంటసేపు ఆగాలి, ఆ గంటలో పత్రాలు నింపాలి. నిజం కూడా ఇదే.

ఫిల్ము స్క్రిప్టును మామూలుగా రెండు నిలువు వరుసల్లో రాస్తారు. ఒకవైపు కనిపించేది, రెండోవైపు వినిపించేది. ఈ సీను కాగితం మీద ఇలా ఉంటుంది:

చిత్రం: తనిఖీ గది. గాజు తలుపు మీద ఉష్ణోగ్రత చూపే డిజిటల్ అంకెలు. ట్రైనీ ఇంజినీరు ముక్కను టేబుల్ మీద పెడుతుంది. ఆపరేటర్ చెయ్యి అడ్డుపెడతాడు.
ధ్వని: (ఆపరేటర్) "ఇప్పుడే కొలవకండి మేడమ్, వేడిగుంది. గంట ఆగాలె." (ట్రైనీ) "అన్నా, అప్పటిదాకా మెషిన్ ఆపేయాలా?"
చిత్రం: గోడ గడియారం, తొమ్మిదిన్నర. ఆమె కుర్చీ లాక్కుని ఫారం నింపడం మొదలుపెడుతుంది.
ధ్వని: మెషిన్ల రొద దూరంగా. మాటల్లేవు.
చిత్రం: కొలత తెర మీద అంకెలు. గీత లోపలే ఉంది.
ధ్వని: (ట్రైనీ, విడిగా తీసిన ఇంటర్వ్యూ నుంచి) "మొదట్లో ఈ ఆగడమే నాకు పెద్ద విసుగు."

ఆ చివరి వాక్యం రచయిత రాసింది కాదు, ఇంటర్వ్యూలో ఆమె నోట వచ్చింది. ఉద్యోగుల మాటలు రాసిచ్చి బట్టీ పట్టించకూడదు. బట్టీ పట్టిన మాట చెప్పేటప్పుడు కళ్లు పక్కకు పోతాయి, చూసేవాడు ఇట్టే పసిగడతాడు. స్క్రిప్టులో ప్రశ్న మాత్రమే రాసుకోవాలి, జవాబు కెమెరా ముందే రావాలి. పై సంభాషణ కూడా వాళ్లు రోజూ మాట్లాడుకునే మాటే. "నిన్నటిలాగే చేయండి" అంటే చాలు.

నాలుగు నిమిషాలంతా మాటలు కుక్కకూడదు. తెలుగు వ్యాఖ్యానం తీరిగ్గా చదివితే నిమిషానికి వంద మాటలకు అటూ ఇటూ నడుస్తుంది. సగం సేపు పని చప్పుళ్లకు వదిలేస్తే వ్యాఖ్యానానికి మిగిలేది రెండు వందల మాటలు. గడియారం పెట్టుకుని బయటికి చదివి చూసుకోవాలి. చిత్రంలో కనిపించేదాన్నే చెబుతున్న వాక్యాలన్నీ కొట్టేయాలి. జీతం, షిఫ్టు వేళలు, బాండ్ ఉంటే ఆ సంగతి ఫిల్ముతో పాటు ఇచ్చే కాగితం మీద స్పష్టంగా రాయాలి. తిరిగే షిఫ్టులు ఉన్నాయన్న సంగతి మాత్రం ఫిల్ములో కనబడాలి. పైన తొమ్మిదిన్నర గడియారం ఉన్నది అందుకే.

షూటింగ్‌లో అందం కోసం చేసే మార్పులతో స్క్రిప్టు పాడయ్యే ప్రమాదం ఉంది. బాగుంటుందని డైరెక్టర్ లేత్ దగ్గరున్న ఆపరేటర్‌కు గ్లోవ్స్ తొడిగిస్తాడు. తిరిగే చక్ దగ్గర గ్లోవ్స్ పెట్టుకోకూడదు, పట్టుకుపోతే చెయ్యి లోపలికి లాగేస్తుంది. ఆ ఒక్క షాట్ చూస్తే పని తెలిసిన విద్యార్థికి ఫిల్ము మొత్తం నాటకమని తేలిపోతుంది. సీఎన్‌సీ మెషిన్ తలుపు మూసే ఉంటుంది, లోపల కూలెంట్ వరదలా పడుతుంటుంది, బయటి నుంచి ఏమీ కనిపించదు. తలుపు తెరిచి నడపమంటే భద్రతా స్విచ్చును ఏమార్చాలి. ఆ పని చేయకూడదు. లోపల నీటికి తట్టుకునే చిన్న కెమెరా బిగించాలని స్క్రిప్టులోనే రాస్తే గొడవ ఉండదు. ఫ్లోర్ మీద ఒక్కరే అమ్మాయి ఉంటే ఆమెనే ప్రతి సీనులో పెట్టడం కూడా ఒక అబద్ధమే. కస్టమర్ల డ్రాయింగులు రహస్యం కాబట్టి ఏ భాగాన్ని చూపవచ్చో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఫిల్ములో కనిపించే ఉద్యోగి రేపు మానేస్తే ఆ ఫిల్ము ఏం చేయాలన్నదీ ముందే ఒప్పుకోవాలి.

స్క్రిప్టు పూర్తయ్యాక యాజమాన్యం కన్నా ముందు చేరి ఏడాదైనవాళ్లకు వినిపించాలి. "ఇందులో లేనిదేమిటి?" అని అడిగితే, "నిలబడి నిలబడి కాళ్లు పడిపోతాయి, అది లేదు" అంటారు. అలాంటివి కలపాలి. కొన్నిటిని కలపడానికి యాజమాన్యం ఒప్పుకోదు. తెర మీద చూపించలేనంత ఇబ్బందిగా ఉన్న పని ఏదైనా బయటపడితే దాన్ని స్క్రిప్టులో దాచి లాభం లేదు, ఫ్లోర్ మీదే సరిచేయాలి.

ఫిల్ము ఎంత బాగా పనిచేసిందో దరఖాస్తుల సంఖ్యతో కొలవడం హెచ్‌ఆర్‌కు అలవాటు. ఈ ఫిల్ముకు ఆ కొలత సరిపోదు. చూసిన విద్యార్థులను "చేరాక మీ మొదటి సోమవారం ఎలా ఉంటుందో నాలుగు వాక్యాలు రాయండి" అనాలి. "మంచి వాతావరణం" అని రాస్తే స్క్రిప్టు మళ్లీ రాయాలి. "ఎక్కువసేపు నిలబడాలి, కొలతలు తీయాలి, పత్రాలు నింపాలి, ఆపరేటర్ చెప్పింది వినాలి" అని రాస్తే సరిగా కుదిరినట్టే. వాళ్లలో ఇద్దరు ఇది మాకు సరిపడదని తప్పుకుంటే అది నష్టం కాదు. వాళ్లు ఆరు నెలలు నేర్చుకుని మానేయాల్సిన ఉద్యోగం నాలుగు నిమిషాల్లో మానేశారు. శిక్షణ ఖర్చు కంపెనీకి మిగిలింది, ఆరు నెలలు వాళ్లకు మిగిలాయి.