మూడుతో మూసి, ఇరవై ఏడుతో తెరిచి

7ను ఐదుసార్లు వేసి గుణిస్తే 16807 వస్తుంది. చివర ఉన్నది 7. అదే పని 3తో చేస్తే 243, చివర 3. 8తో చేస్తే 32768, చివర 8. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకెను తీసుకున్నా ఇంతే. ఐదో ఘాతం దగ్గరికి వచ్చేసరికి ఒకట్ల స్థానంలో మొదటి అంకే తిరిగొచ్చి కూర్చుంటుంది.

మధ్యలో మాత్రం అంకె వేషాలు మారుస్తుంది. 7 ఘాతాల చివరి అంకెలు వరసగా 7, 9, 3, 1, ఆ తర్వాత మళ్లీ 7. నాలుగు అడుగులకోసారి చక్రం మొదటికొస్తుంది. అంటే 5, 9, 13... ఇలా నాలుగు గుణిజం కంటే ఒకటి ఎక్కువున్న ఏ ఘాతమైనా అంకెను వెనక్కి తెస్తుంది. ఇందులో 9 మన పనికొస్తుంది, ఎందుకంటే 9ని 3×3గా రెండు దఫాలు చేయొచ్చు. 7ను ఘనం చేస్తే 343, చివరి అంకె 3. ఆ 3ను మళ్లీ ఘనం చేస్తే 27, చివరి అంకె 7. మొదటి ఘనం 7ను దాచింది, రెండోది బయటికి తీసింది.

ఒకట్ల స్థానం అంటే 10తో భాగించినప్పుడు మిగిలే శేషమే. మొత్తం సంఖ్యను పక్కనపెట్టి శేషంతోనే లెక్కలు నడిపించడాన్ని మాడ్యులర్ అంకగణితం అంటారు. పబ్లిక్ కీ ఎన్‌క్రిప్షన్‌లో అందరికంటే పేరున్న ఆర్‌ఎస్‌ఏ పద్ధతి నడిచేది పైన చూసిన ఆటతోనే. కాకపోతే 10తో ఆడితే లాభం లేదు. అక్కడ మూయడానికీ తెరవడానికీ ఒకటే సంఖ్య, 3. ఎలా మూశారో తెలిసినవాడికి ఎలా తెరవాలో వేరే చెప్పనక్కర్లేదు.

1970ల దాకా రహస్య లిపులన్నిటికీ ఈ ఇబ్బంది ఉండేది. రాసేవాడి దగ్గరా చదివేవాడి దగ్గరా ఒకే కీ ఉండాలి, ఆ కీని ముందుగా ఎవరి కంటా పడకుండా చేరవేయాలి. మూసే కీని బహిరంగంగా ప్రకటించి, తెరిచే కీని మాత్రం దాచుకుంటే చాలదా అని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. అలాంటి జత కీలను లెక్కల్లో చేసి చూపించింది మాత్రం మరుసటి ఏడాది అమెరికాలోని ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్. ఆ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఆర్‌ఎస్‌ఏ. బ్రిటిష్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూలో పనిచేసిన క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే దాదాపు ఇదే పద్ధతి కనిపెట్టాడు. అది 1997 దాకా ప్రభుత్వ ఫైళ్లలోనే ఉండిపోయింది, కాబట్టి పేరు మాత్రం వీళ్లకు దక్కింది.

ఇప్పుడు 10 బదులు 55 తీసుకుందాం. 55 అంటే 5×11, రెండూ ప్రధాన సంఖ్యలు. రెంటిలోంచీ ఒక్కొక్కటి తగ్గించి గుణిస్తే 4×10, అంటే 40. పద్దెనిమిదో శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ లెక్క ప్రకారం, ఘాతాలను 55తో భాగిస్తే వచ్చే శేషాలు 40 అడుగులకోసారి తప్పకుండా మొదటికొస్తాయి. ఇందాకటి 10కి కూడా ఇదే సూత్రం: 2×5లో ఒక్కొక్కటి తగ్గిస్తే 1×4, అందుకే అక్కడ చక్రం నాలుగడుగులది. 55 దగ్గర సంఖ్యను వెనక్కి తెచ్చే ఘాతాలు 41, 81, 121... వీటిలో 81ని 3×27గా విడదీయొచ్చు. మూడుతో మూస్తే ఇరవై ఏడుతో తెరవాలి. ఈసారి రెండు కీలూ వేర్వేరు.

సుజాత 55, 3 అనే రెండు సంఖ్యలను అందరికీ చెప్పేస్తుంది. అది ఆమె పబ్లిక్ కీ. 27ను తన దగ్గరే ఉంచుకుంటుంది, అది ప్రైవేట్ కీ. రఘు ఆమెకు 8 అనే సంఖ్య పంపాలి. 8ని ఘనం చేస్తే 512. అందులోంచి తొమ్మిది 55లు, అంటే 495 తీసేస్తే 17 మిగులుతుంది. రఘు పంపేది ఆ 17నే. దారిలో ఎవరు చూసినా వాళ్లకు కనిపించేది అదే.

సుజాత 17ను 27వ ఘాతానికి తీసుకెళ్లాలి. ఆ సంఖ్య మొత్తం రాస్తే 34 అంకెలవుతుంది, కానీ రాయాల్సిన పని లేదు, అడుగడుగునా శేషం మాత్రం ఉంచుకుంటే చాలు. 17 వర్గం 289, శేషం 14. దాని వర్గం 196, శేషం 31. దాని వర్గం 961, శేషం 26. దాని వర్గం 676, శేషం 16. ఇవి వరసగా 2, 4, 8, 16వ ఘాతాల శేషాలు. 27 అంటే 16+8+2+1 కాబట్టి 16, 26, 14, 17లను గుణించుకుంటూ పోతే సరి. 16×26లో శేషం 31, దాన్ని 14తో గుణిస్తే 49, దాన్ని 17తో గుణిస్తే 833. 833లో పదిహేను 55లు పోతే మిగిలేది 8.

పైథాన్ తెలిసినవాళ్లు ఇదంతా మూడు వరసల్లో సరిచూసుకోవచ్చు.

```python
pow(8, 3, 55)     # 17
pow(17, 27, 55)   # 8
pow(3, -1, 40)    # 27
```

మూడో వరసలో 27 ఎక్కడిదో తెలుస్తుంది. 3తో గుణించి 40తో భాగిస్తే శేషం 1 వచ్చే సంఖ్య అది. అయితే ఆ వరస రాయాలంటే 40 తెలియాలి, 40 తెలియాలంటే 55లో దాగిన 5, 11 తెలియాలి. సుజాత రహస్యమంతా ఆ రెండు ప్రధాన సంఖ్యల్లోనే ఉంది.

దొంగచాటుగా విన్నవాడు 17కి ఘనమూలం కట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపించొచ్చు. 512కి అయితే ఘనమూలం సులువే. 17 మాత్రం 512లోంచి తొమ్మిది 55లు పోగా మిగిలిన ముక్క. ఎన్ని పోయాయో 17 మీద ఎక్కడా రాసి ఉండదు. ఇదే మాటలో ఒక ప్రమాదం కూడా ఉంది. రఘు 8 బదులు 3 పంపితే, 3 ఘనం 27, అది 55 కంటే తక్కువ. భాగించడానికి ఏమీ లేదు, 27 అలాగే వెళ్తుంది. దానికి ఘనమూలం బడిపిల్లలూ చెప్పేస్తారు. పెద్ద కీలతో కూడా, 3ను ఘాతంగా పెట్టుకుని మరీ చిన్న సందేశాన్ని నేరుగా పంపితే జరిగేది ఇదే. ఈ రోజుల్లో ఎక్కువగా వాడే పబ్లిక్ ఘాతం 65537.

55ను చూడగానే 5×11 అని చెప్పేయొచ్చు. మరి సంఖ్య పెరిగితే? 1977 ఆగస్టు ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో ఆర్‌ఎస్‌ఏ గురించి రాస్తూ, 129 అంకెల సంఖ్య ఒకటి, దానితో మూసిన సందేశం ఒకటి ప్రచురించాడు. విప్పినవాళ్లకు వంద డాలర్ల బహుమతి. అందుకు కోట్లాది కోట్ల ఏళ్లు పడుతుందని అప్పటి అంచనా. పట్టింది పదిహేడేళ్లు. 1994 ఏప్రిల్‌లో, సుమారు ఆరువందల మంది స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా కలిపి ఎనిమిది నెలలు నడిపాక కారణాంకాలు దొరికాయి. లోపలున్న సందేశంలో ఎముకలు విరిచే ఒక రాబందు పేరు ఉంది, కావాలని పెట్టిన అర్థంలేని మాట. అంచనా అంత తప్పడానికి కంప్యూటర్ల వేగం ఒక్కటే కారణం కాదు. ఈలోగా కారణాంకాలు వెతికే పద్ధతులే మెరుగుపడ్డాయి. 2020లో 250 అంకెల సంఖ్య కూడా లొంగింది. ఇప్పుడు మామూలుగా వాడే 2048 బిట్ల కీలో 617 అంకెలుంటాయి. అంతటి సంఖ్యను, ప్రధాన సంఖ్యలను సరిగ్గా ఎంచుకున్నప్పుడు, ఎవరూ విడదీసినట్టు బయటికి రాలేదు.

కారణాంకాలు కనుక్కోవడం అంత కష్టమైతే, సుజాత అసలు మూడువందల అంకెల ప్రధాన సంఖ్యలను ఎలా పట్టుకుంటుంది? ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం వేరు, కాకపోతే దాని కారణాంకాలేవో చెప్పడం వేరు. మొదటి పని కంప్యూటర్‌కు క్షణాల్లో అయిపోతుంది. అది ఎప్పుడైనా, ఏ సందేహానికీ తావులేకుండా వేగంగా చేయొచ్చని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. ఆచరణలో ఇంకా చురుకైన, పొరపాటు అవకాశం లెక్కలోకి రానంత తక్కువగా ఉండే పరీక్షలు వాడతారు. రెండో పనికి మామూలు కంప్యూటర్ల మీద అలాంటి వేగమైన పద్ధతి నేటికీ లేదు. అలాంటిది ఉండే అవకాశమే లేదని కూడా ఎవరూ నిరూపించలేదు.

లెక్క గట్టిదే అయినా వాడకంలో చిల్లులు పడతాయి. రఘు ‘అవును’కి 8, ‘కాదు’కి 9 అని పెట్టుకున్నాడనుకుందాం. 55, 3 అందరికీ తెలిసినవే కాబట్టి వినేవాడు తనే రెంటినీ మూసి చూసుకుంటాడు. 8కి 17, 9కి 14. ఇక వైర్ మీద 17 కనబడితే సమాధానం ‘అవును’. ఇక్కడ కీతో పనే పడలేదు. అందుకే అసలైన అమలులో సందేశానికి ప్రతిసారీ కొత్త ర్యాండమ్ అంకెలు జోడించి కలగలిపాకే ఘాతం కడతారు. దాన్ని ప్యాడింగ్ అంటారు. అదీగాక ఈ గుణకారాలు నెమ్మది, కాబట్టి పెద్ద ఫైళ్లను ఆర్‌ఎస్‌ఏతో మూయరు. ఫైలును ఏఈఎస్ లాంటి వేగమైన పద్ధతితో మూసి, దాని కీని మాత్రం ఇలా పంపుతారు.

అన్నిటికంటే ఆసక్తికరమైన చిల్లు 2012లో బయటపడింది. నాడియా హెనింగర్, ఆమె సహచరులు ఇంటర్నెట్‌లో కనిపించే పబ్లిక్ కీలను లక్షల్లో పోగుచేసి, ఒకదానితో ఒకటి గ.సా.భా. కట్టి చూశారు. హైస్కూల్లో నేర్చుకునే గరిష్ఠ సామాన్య భాజకమే. సుజాత కీ 55, పక్కింటి రౌటర్ కీ 143 అనుకుంటే 143ను 55తో భాగిస్తే శేషం 33, 55ను 33తో భాగిస్తే 22, 33ను 22తో భాగిస్తే 11, అక్కడితో 22 నిశ్శేషంగా పోతుంది. రెంటికీ ఉమ్మడి కారణాంకం 11. ఆ వెంటనే 55 అంటే 5×11, 143 అంటే 11×13 అని తేలిపోతుంది. విడివిడిగా విరగని సంఖ్యలు పక్కపక్కన పెడితే విరిగాయి, అదీ వందల అంకెలున్నా రెప్పపాటులో. వాళ్లు చూసిన సురక్షిత సర్వర్లలో అర శాతానికి ప్రైవేట్ కీలు ఇలా దొరికిపోయాయి.

వాటిలో చాలావరకు రౌటర్లు, ఫైర్‌వాల్స్ లాంటి చిన్న పెట్టెలు. పెట్టె తెరిచి మొదటిసారి కరెంటు ఇవ్వగానే అవి కీ తయారుచేసుకుంటాయి. అప్పటికి మౌస్ కదలికలు లేవు, డిస్క్ రాకపోకలు లేవు, ర్యాండమ్ అంకెలు పుట్టించడానికి లోపల ఏ ముడిసరుకూ లేదు. ఒకే తయారీవి కొన్ని పెట్టెలు ఒకే మొదటి ప్రధాన సంఖ్యను ఎంచుకుని, రెండోదానికి వచ్చేసరికి కాస్త తేడా పడ్డాయి. 2014లో లినక్స్‌లో చేర్చిన `getrandom` అనే కాల్, తగినంత ముడిసరుకు పోగయ్యే దాకా ప్రోగ్రామును అక్కడే ఆపి ఉంచుతుంది. అంతకుముందు అమ్ముడుపోయి ఇంకా నడుస్తున్న పెట్టెల్లో పాత కీని ఎవరో ఒకరు లాగిన్ అయి చేత్తో మార్చాల్సిందే.