కార్డు మీద నాలుగు పాదాలు

మా మేనకోడలు ఈసారి సంక్రాంతి కార్డులు తనే బొమ్మ గీసి అచ్చు వేయిస్తానంది. లోపల నాలుగు లైన్ల కవిత కూడా రాసి తెచ్చింది. మొదటి రెండూ ఇవి: ‘సంక్రాంతి పండుగ వచ్చింది, సంతోషాలను తెచ్చింది’. ఆ తర్వాత ‘ఇచ్చింది’, ‘నచ్చింది’ వస్తాయని చదవకుండానే తెలిసిపోయింది.

“ప్రాస కుదిరిందిగా మామయ్యా, అయినా చదువుతుంటే ఎక్కడో తడబడుతోంది” అంది. నిజమే. తడబాటు మొదటి పాదంలోనే ఉంది. అది బయటపడాలంటే మాత్రలు లెక్కపెట్టాలి.

లెక్క తేలికే. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం గురువు, రెండు మాత్రలు. సున్నా ఉన్న అక్షరమూ గురువే. ఒత్తక్షరానికి ముందున్నది పొట్టిదైనా గురువవుతుంది. ‘ముగ్గు’లో ‘ము’కి రెండు మాత్రలు పడేది అందుకే. ఇప్పుడు ‘తకధిమి తకధిమి’ అని చప్పట్లు కొడుతూ నాలుగేసి మాత్రలుగా విడగొట్టి చదవండి. ‘సంతో – షాలను – తెచ్చిం – ది’ చక్కగా విడిపోతుంది. చివర మిగిలిన మాత్ర తర్వాత ఆగితే సరి. అదే ‘సంక్రాం – తి పండు’ దాకా బాగానే నడిచి, ‘గ వచ్చిం’ దగ్గర ఐదు మాత్రలై కాలు జారుతుంది.

‘శుభాకాంక్షలు’దీ ఇదే గొడవ. ‘శుభా’ మూడు, ‘కాం’ రెండు, కలిపితే ఐదు. తకధిమిలో మొదలుపెడితే నాలుగు దగ్గర తెగదు. దాన్ని పద్యంలో ఇరికించడం మాని, కింద సంతకం పక్కన విడిగా వేయమన్నాను.

ఇక అంత్యప్రాస. ‘వచ్చింది, తెచ్చింది’, ‘సంబరాలు, వరాలు’ లాంటివి వ్యాకరణం ఉచితంగా ఇచ్చే ప్రాసలు. క్రియలన్నీ ఒకేలా ముగుస్తాయి, బహువచనాలన్నీ ‘లు’తో ముగుస్తాయి, అందుకే చెవికి కొత్తగా ఏమీ తగలదు. పాదాన్ని నామవాచకంతో ముగించి చూడమన్నాను. పండగలో కంటికి కనిపించేవి చెప్పమంటే ముగ్గులు, గాలిపటాలు, పొంగే పాలు, కొత్త గింజలు అంది. పాదానికి ఒకటి చాలు.

‘ముంగిట’ అనే మాట దొరకగానే పని సగం అయింది. తెలుగు పద్యంలో ప్రాస అంటే అసలు రెండో అక్షరమే. ప్రతి పాదంలోనూ ఆ హల్లు ఒకటే ఉండాలి, అచ్చు మారినా ఫర్వాలేదు. దాని ముందు సున్నా ఉంటే అన్ని పాదాల్లోనూ ఉండాలి. ముంగిట, నింగే, పొంగిన, బంగరు... సున్నా తర్వాత ‘గ’ నాలుగు చోట్లా కుదిరింది. కార్డు పద్యానికి ఈ నియమం తప్పనిసరేమీ కాదు, కానీ పెట్టుకుంటే పాదాలు ఒక దారానికి గుచ్చినట్టు ఉంటాయి.

మూడో పాదం దగ్గర కాస్త పేచీ వచ్చింది. ‘నవ్వులు మీ ఇంట’ అని రాసింది. అర్థం బాగుంది, కానీ ‘మీ’ వల్ల రెండు మాత్రలు ఎక్కువై పాదం తోక పెరిగింది. అక్కడ తీసేసి నాలుగో పాదానికి మార్చాం. అంతకుముందు అక్కడ ‘గాదెకు పంట’ అని ఉండేది. ఆ మాట నాకు ఇష్టమే, కానీ కార్డులు వెళ్లేది హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి, అక్కడ గాదె ఎక్కడిది! చివరికి ఇలా తేలింది:

ముంగిట రంగుల ముగ్గుల తోట
నింగే గాలిపటాలకు బాట
పొంగిన పాలై నవ్వులు ఇంట
బంగరు గింజై మీ సిరి పంట

ప్రతి పాదం నాలుగు, నాలుగు, నాలుగు, మూడు. ‘ముంగిట – రంగుల – ముగ్గుల – తోట’. చివరి మూడింటి తర్వాత ఒక మాత్ర ఊపిరి. రెండో పాదంలో ‘గాలిప – టాలకు’ అని మాట మధ్యలో విరిగినా నడక చెడలేదు. ఒక్క లొసుగు మాత్రం మిగిలింది. ‘నవ్వులు ఇంట’ని సంధి చేసి ‘నవ్వులింట’ అని చదివితే ఒక మాత్ర పోతుంది, కాబట్టి విడగొట్టే చదవాలి. ఛందస్సు తెలిసిన పెద్దాయన ఎవరైనా అక్కడ వేలు పెడతారు. పెట్టనివ్వండి.

అచ్చుకిచ్చే ముందు ఇంకో పని ఉంది. కిందటేడు నేను వేయించిన కార్డులో ఒత్తులన్నీ అక్షరం కింద కాకుండా పక్కకి జారి, ‘ముగ్గులు’ కాస్తా ‘ముగ్‌గులు’ అయింది. పైన పొల్లు, పక్కన విడి గకారం. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అమరిక సరిగ్గా లేకపోతే ఇలా అవుతుంది. అందుకే తెర మీద కాకుండా అచ్చు తీసిన నమూనా మీదే ముగ్గుల, నవ్వులు అనే రెండు మాటలూ చూసుకోమన్నాను. లైన్ల మధ్య ఎడం కూడా కాస్త పెంచమన్నాను, లేకపోతే పై పాదం ఒత్తు కింది పాదం గుడి మీద కూర్చుంటుంది.

నమూనా వచ్చింది. ఒత్తులు బాగానే ఉన్నాయి. ‘బంగరు’ మాత్రం ‘బంగారు’ అయింది. కుర్రాడెవరో తప్పనుకుని దిద్దాడట.