రోజుకు ఎనిమిది మంది

బ్యూటీ పార్లర్ పెట్టుకోవడానికి లోన్ కోసం వెళ్తే బ్యాంకులో మొదట అడిగేది ప్రాజెక్టు రిపోర్టు. జిరాక్స్ షాపు పక్కన వెయ్యో రెండు వేలో తీసుకుని దాన్ని తయారుచేసి ఇచ్చేవాళ్లుంటారు. ఊరు, పేరు మార్చి అదే రిపోర్టు పది మందికి ఇస్తారు కాబట్టి అందులో చిన్న ఊళ్లో ఒక కుర్చీ పార్లర్‌కు కూడా రోజుకు నలభై మంది వస్తారు! ఒక్క ఫేషియల్‌కే గంట పడుతుంది. ఇద్దరు మనుషులు తొమ్మిది గంటలు పనిచేస్తే చేతిలో ఉండేది పద్దెనిమిది గంటలే. ఈ లెక్క మేనేజరుకూ తెలుసు. అందుకే ఆదాయం పేజీని మాత్రం ఎవరిది వాళ్లే రాసుకోవాలి.

ఖమ్మంలాంటి ఊళ్లో, కోర్సు చేసి, మరొకరి పార్లర్‌లో కొన్నేళ్లు పనిచేసిన ఒకావిడ లెక్క వేసుకుంటోందనుకుందాం. కుర్చీలు, ఫేషియల్ బెడ్, స్టీమర్, హెయిర్ వాష్ యూనిట్, అద్దాలకు 2,20,000 రూపాయలు. వైరింగు, ఏసీ, లోపలి పనులకు 1,60,000. షాపు అడ్వాన్సు 60,000. క్రీములు, ఇతర సరుకు 40,000. నిలదొక్కుకునేదాకా చేతి ఖర్చులకు 1,20,000. మొత్తం 6 లక్షలు. అందులో తన వాటా 1,20,000 పోగా అడగాల్సిన లోన్ 4,80,000. ముద్ర పథకంలో 50 వేలు దాటి 5 లక్షల వరకు ‘కిశోర్’ విభాగం కిందికి వస్తుంది, తాకట్టు అడగరు. లెక్క కోసం వడ్డీ 11 శాతం, గడువు ఐదేళ్లు అనుకుంటే కిస్తీ నెలకు సుమారు 10,450.

ఇక అసలు లెక్క. మెయిన్ రోడ్డు మీద షాపు అద్దె 12,000, హెల్పర్ జీతం 14,000, కరెంటు, నీళ్లకు 5,000, చిల్లర ఖర్చులు 3,000. కిస్తీతో కలిపి నెలకు 44,450. ఒక కస్టమర్ సగటున 300 ఇస్తే అందులో సరుకు ఖర్చు 54 పోయి 246 మిగులుతుంది. నెలకు 26 రోజులు తెరిచినా రోజుకు ఏడుగురు వస్తే గానీ ఖర్చులు గట్టెక్కవు.

చాలా రిపోర్టులు ఇక్కడితో ఆగిపోతాయి. యజమానురాలు ఇంటికి తీసుకెళ్లే డబ్బు వాటిలో ఉండదు. పదివేలు కూడా తీసుకోకుండా ఐదేళ్లు ఎవరు పనిచేస్తారు? ఆ పదివేలూ కలిపితే రోజుకు తొమ్మిది మంది కావాలి. రాయకపోతే ఆ డబ్బు ఎలాగూ గల్లాలోంచే పోతుంది, కిస్తీ రోజున తక్కువ పడుతుంది.

తగ్గించుకోవాలంటే అందరి చూపూ ముందు ఇంటీరియర్ మీద పడుతుంది. నిజానికి అక్కడ 80 వేలు మిగిల్చినా కిస్తీ తగ్గేది నెలకు 1,750 లోపే. అదే షాపును పక్క వీధిలో మొదటి అంతస్తుకు మార్చి అద్దె 8,000కు దించితే నెలకు 4,000 మిగులుతుంది. రోడ్డు మీద నుంచి లోపలికి కనిపించే పార్లర్ కంటే అలాంటి చోటికే చాలామంది ఆడవాళ్లు నిశ్చింతగా వస్తారు కూడా. ఇప్పుడు రోజుకు ఎనిమిది మంది సరిపోతారు. ఎనిమిదేనని ఎలా చెప్పగలవని మేనేజరు అడుగుతారు. తాను పనిచేసిన చోట నెలపాటు రాసుకున్న లెక్క, చుట్టుపక్కల పార్లర్ల రేట్లు చూపించగలిగితే ఆ ప్రశ్నకు జవాబు ఉన్నట్టే.

సగటు లెక్క దాచే సంగతి ఇంకొకటుంది. ఈ వ్యాపారం పెళ్లిళ్ల మీద నడుస్తుంది. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ ముహూర్తాలుండవు. అప్పుడు రోజుకు నలుగురే వచ్చారనుకోండి, తన పదివేలతో కలిపి ఆ నెల దాదాపు 25 వేలు చేతి నుంచి పడుతుంది. పైన విడిగా పెట్టిన 1,20,000 ఇందుకే. ఏసీ మంచిది తీసుకుందామని దాంట్లోంచి ముట్టుకుంటే మొదటి ఆషాఢమే ఇబ్బంది పెడుతుంది. అందుకే రిపోర్టులో పన్నెండు నెలలకూ ఒకే ఆదాయం రాయకూడదు. మాఘం, వైశాఖం, శ్రావణంలాంటి పెళ్లి నెలల్లో బ్రైడల్ మేకప్ ఆర్డర్లను విడిగా చూపించాలి. మొదట్లో నెలకు రెండు మూడుకు మించి రాయకపోవడం మేలు.

సామాన్లకు జీఎస్టీ నంబరున్న షాపుల కొటేషన్లు జతచేయాలి. బ్యాంకు సాధారణంగా ఆ డబ్బును నేరుగా షాపు ఖాతాకే పంపుతుంది. అంటే కొటేషన్‌లో ఉన్న స్టీమరే కొనాలి, మధ్యలో మనసు మారితే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి.

ఏప్రిల్‌లో లోన్ మంజూరై, మే, జూన్ నెలల్లో పనులు పూర్తయితే తలుపులు తెరిచే సమయానికి ఆషాఢం ఎదురొస్తుంది. కిస్తీ మొదలుకాకుండా కొన్ని నెలల మారటోరియం కావాలని దరఖాస్తులోనే రాసి, కారణంగా ఈ నెలల పట్టికను చూపిస్తే సరి. ఆ నెలలకు కూడా వడ్డీ పడుతూనే ఉంటుంది కాబట్టి మూడు నెలలు అడిగితే చాలు, ఆరు అక్కర్లేదు. ఆషాఢాన్ని పనివాళ్లకు వదిలేసి శ్రావణం మొదటి వారంలో తెరవడం ఇంకా నయం.