మిగతా దూరం పిల్లది

అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్ల మీద లూక్ జాకె తీసిన ఫ్రెంచి చిత్రం 2005లో విడుదలైంది. ఫ్రాన్సులో చూసినవాళ్ళకు అందులో పెంగ్విన్లే మాట్లాడాయి. తండ్రి, తల్లి, పిల్ల తమ కథ తామే చెప్పుకున్నట్టు ముగ్గురు నటులు గొంతులిచ్చారు. అదే చిత్రం అమెరికా వెళ్ళేసరికి ఆ సంభాషణలు తీసేసి, బయటి నుంచి కథ చెప్పే వ్యాఖ్యానం కొత్తగా రాయించి మోర్గన్ ఫ్రీమన్ చేత చదివించారు. సంగీతం కూడా మార్చారు. మంచు అదే, పక్షులు అవే, నడకా అదే. కానీ ఒక దేశంలో అది కుటుంబ నాటకంలా, మరో దేశంలో నిదానంగా చెప్పిన ప్రకృతి గాథలా నడిచింది. ప్రకృతి చిత్రంలో వినబడే మాట చిత్రీకరణంతా అయ్యాక వచ్చి చేరుతుంది. అయినా మనం ఏం చూశామనుకుంటామో చాలావరకు తేల్చేది ఆ మాటే.

ఆ మాట రాయడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక చిన్న ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. తిరుపతి జిల్లాలో, పులికాట్ సరస్సుకు ఉత్తరాన ఉన్న నేలపట్టును తీసుకుందాం. ఏటా అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడి చెరువులో నీళ్ళ మధ్య నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఎడిటర్ మనకు 36 సెకన్ల ఘట్టం ఒకటి కోసి ఇచ్చాడని ఊహించుకుందాం. మొదటి 7 సెకన్లు తెల్లవారుతున్న చెరువు, చెట్ల నిండా గూళ్ళు. తర్వాత 5 సెకన్లు ఒక పక్షి ఎగురుతూ వస్తుంది. అది వాలగానే పిల్లలు అరుస్తాయి, 4 సెకన్లు. ఆపైన 9 సెకన్ల షాట్‌లో ఒక పిల్ల పెద్ద పక్షి గొంతులోకి తల దూర్చి మేత తింటుంది. ఇంకో 5 సెకన్లు పెద్ద పక్షి కన్ను దగ్గరగా కనబడుతుంది. చివరి 6 సెకన్లలో మరో పక్షి గూడు విడిచి ఎగిరిపోతుంది.

చాలామంది చేతికి మొదట వచ్చే చిత్తుప్రతి ఇలా ఉంటుంది: ‘సూర్యోదయ వేళ నేలపట్టు చెరువులో చెట్ల కొమ్మల మీద తెల్లటి గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. ఒక తల్లి పక్షి విశాలమైన రెక్కలు చాపి తన గూటికి తిరిగి వస్తోంది. ఆకలితో ఉన్న పిల్లలు గట్టిగా అరుస్తున్నాయి. తల్లి తన సంచిలో దాచి తెచ్చిన చేపలను ఎంతో ప్రేమగా పిల్లలకు తినిపిస్తోంది.’

చదవడానికి బాగానే ఉంది. బొమ్మ పక్కన పెడితే మాత్రం మొదటి వాక్యమే పట్టదు. తెలుగులో పదాలు లెక్కపెట్టి కాలం అంచనా వేయలేం, ఎందుకంటే విభక్తులూ క్రియలూ అతుక్కుని ఒక్కో పదం ఎంత పొడవైనా సాగుతుంది. అక్షరాలు లెక్కపెట్టాలి. ఒత్తునూ గుణింతాన్నీ కలుపుకుని ఒక అక్షరం, పొల్లును ముందు అక్షరంలో కలిపేయాలి. నిదానంగా చదివే గొంతుకు సెకనుకు సుమారు 5 అక్షరాలు అనుకుని మొదలుపెట్టి, చదవబోయే మనిషి వేగం విన్నాక సరిచేసుకోవచ్చు. ఆ లెక్కన 38 అక్షరాల మొదటి వాక్యానికి ఏడున్నర సెకన్లు దాటుతుంది. షాట్ ఉన్నది 7 సెకన్లే. చెరువు గురించిన మాట ఇంకా నడుస్తుండగానే తెర మీద పక్షి వచ్చేస్తుంది. అక్కడి నుంచి ప్రతి వాక్యం బొమ్మ వెనకే పరిగెడుతుంది. దీన్ని సరిచేయడానికి వేగంగా చదివించడం కొత్తవాళ్ళు చేసే పని. అప్పుడు ప్రకృతి చిత్రం క్రికెట్ కామెంటరీలా తయారవుతుంది.

కాలం సరిపోయినా ఈ ప్రతి నిలవదు. ఇందులో చాలా మాటలు కళ్ళు అప్పటికే చూసినవి. సూర్యోదయం కనబడుతోంది, రెక్కలు కనబడుతున్నాయి, అరుపు వినబడుతోంది. ప్రేక్షకుడు చూస్తున్నదాన్నే చెవిలో మళ్ళీ చెబితే అతను వినడం మానేస్తాడు. నిజంగా అవసరమైన మాట వచ్చినప్పుడు అదీ జారిపోతుంది. అందుకే ఒక్కో షాట్ ముందు రచయిత అడగాల్సింది, ఇక్కడ కనబడనిది ఏమిటని. చెరువు కనబడుతుంది కానీ ఈ పక్షులు చేపల కోసం పులికాట్ దాకా వెళ్ళి వస్తాయన్న సంగతి కనబడదు. కాబట్టి మొదటి షాట్‌కు ఇది చాలు: ‘గూడు ఈ చెరువులో. వేట ఎక్కువగా పులికాట్ సరస్సులో.’ 20 అక్షరాలు, 4 సెకన్లు. ముందు ఒకటిన్నర సెకను మాట లేకుండా వదిలితే చూపు చెరువంతా తిరిగొస్తుంది, చివర కూడా కాస్త ఖాళీ మిగులుతుంది.

రెండో షాట్ దగ్గర అసలు చిక్కు వస్తుంది. ‘సంచిలో దాచి తెచ్చిన చేపలు’ అన్నది అబద్ధం. గూడబాతు ముక్కు కింది సంచి చేపలు పట్టే వల మాత్రమే. నీళ్ళతో సహా చేపను అందులోకి తోడుకుని, నీరు వార్చేసి, చేపను మింగేస్తుంది. గూటికి తెచ్చేది కడుపులోనే. ఎగిరి వస్తున్న పక్షి సంచి చదునుగా ముడుచుకుని ఉండడం తెర మీద కనబడుతుంది కూడా. అంటే మన వాక్యాన్ని మన బొమ్మే కాదంటోంది. ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే రాసిన ప్రతి నామవాచకం దగ్గరా ఆగి, ఇది నాకెలా తెలుసని అడగాలి. ‘తల్లి’ కూడా అలాంటిదే. గూడబాతుల్లో ఆడ, మగ ఒకేలా కనబడతాయి, పిల్లలకు మేత పెట్టేది రెండూ. తెర మీదున్నది తల్లో తండ్రో చూసి చెప్పలేం. కాబట్టి ఆ షాట్ ఇలా మారుతుంది: ‘ముక్కు కింది సంచి ఖాళీ. చేపలున్నది కడుపులో.’ ముందు కంటికి కనబడుతున్న సంచి, తర్వాత కనబడని కడుపు. అవి ఈ క్రమంలోనే రావాలి. ప్రేక్షకుడి చూపు ఎక్కడుందో అక్కడ మొదలైన వాక్యమే అతన్ని ఇంకో చోటికి తీసుకెళ్ళగలదు.

మూడో షాట్‌లో ఏమీ రాయకూడదు. పిల్లల అరుపు అక్కడ మాట కన్నా గట్టిగా పనిచేస్తుంది. స్క్రిప్టులో ఆ చోట ‘మాట లేదు, పిల్లల అరుపు’ అని స్పష్టంగా రాసి పెట్టాలి. లేకపోతే ఖాళీ కనబడగానే సంగీతమో మరో వాక్యమో వచ్చి కూర్చుంటుంది.

నాలుగో షాట్ ఈ ఘట్టానికి గుండెకాయ. తెలుగు రచయితకు ఇక్కడ తన భాషతోనే పేచీ వస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ‘ఆకలితో అల్లాడుతున్న పిల్ల తన తలను పెద్ద పక్షి గొంతులోకి పూర్తిగా దూరుస్తుంది’ అని రాస్తే, జరిగిన పని ఏమిటో చెప్పే మాట ఆఖరున గానీ రాదు. తెర మీద పిల్ల 19వ సెకనులోనే తల దూర్చేసింది. ‘దూరుస్తుంది’ అనే మాట 24వ సెకను దాకా రాకపోతే, అప్పటికి పిల్ల తల బయటికి తీస్తుంటుంది. ఇంగ్లిషు వ్యాఖ్యానాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఈ బాధ ఇంకా ఎక్కువ. అక్కడ వాక్యం మధ్యలో పడిన క్రియ ఇక్కడ చివరికి జరుగుతుంది, దానితో పాటు వాక్యం పడాల్సిన ఫ్రేమూ జరిగిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. వాక్యాన్ని ముందే మొదలుపెట్టి క్రియ సరిగ్గా ఆ కదలిక మీద పడేలా వెనక్కి లెక్కపెట్టుకోవడం ఒకటి. కదలికను బొమ్మకే వదిలేసి, అది జరిగాక దాని అర్థం చెప్పడం రెండోది.

ఈ షాట్‌కు రెండోదే మేలు. పిల్ల తల పూర్తిగా లోపలికి వెళ్ళేదాకా ఎవరూ మాట్లాడరు. చూసేవాడికి కాస్త భయం వేస్తుంది, పిల్లను మింగేస్తోందా అని. ఆ అనుమానం ఒక సెకను నిలబడనిచ్చి 20వ సెకనులో మొదలుపెట్టాలి: ‘చేప గొంతు దాకానే వస్తుంది. మిగతా దూరం పిల్లది.’ మూడున్నర సెకన్లు. పిల్ల తల బయటికి తీసేలోపే మాట అయిపోతుంది. రెండో షాట్‌లో ‘కడుపులో’ అని ఆపిన మాటకు ఇక్కడ జవాబు దొరుకుతుంది కాబట్టి చేప ఎక్కడి నుంచి వచ్చిందో వేరే వివరించక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చే కన్ను షాట్ ప్రలోభం. ప్రేమ, త్యాగం, అలసట అన్నీ అక్కడ రాయబుద్ధేస్తుంది. పక్షి లోపల ఏముందో కెమెరాకు తెలియదు, మనకూ తెలియదు. మౌనంగా వదిలేస్తే ప్రేక్షకుడు తన భావం తాను పెట్టుకుంటాడు. మరో పక్షి ఎగిరిపోయే చివరి షాట్‌కు, ‘మేత తేవడం ఆడా మగా ఇద్దరి పని.’ ఎగిరిపోయే పక్షి ఈ గూటిదో కాదో, రెండు షాట్లూ ఒకే రోజు తీశారో లేదో రచయిత కెమెరామన్‌ను అడగాలి. ఖాయంగా తెలియకపోతే ‘దీని జత ఇప్పుడు వేటకు బయలుదేరింది’ అని రాయకూడదు. ‘ఇద్దరి పని’ అన్న సాధారణ వాక్యం ఆ పక్షి ఏదైనా నిజమే.

ఈ జాగ్రత్త అతి అనిపిస్తే, డిస్నీ సంస్థ 1958లో తెచ్చిన వైట్ వైల్డర్‌నెస్ గుర్తు చేసుకోవాలి. అందులో లెమ్మింగ్ అనే చిన్న మూషికాలు వలసలో ఆగలేక గుంపులుగా కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకుతున్నట్టు గంభీరమైన గొంతు చెప్పింది. తర్వాత కెనడా టీవీ జర్నలిస్టులు ఆరా తీస్తే, ఆ దృశ్యం సముద్రమే లేని ఆల్బర్టాలో తీసిందనీ, లెమ్మింగులను వేరే చోటి నుంచి తెచ్చి నీళ్ళలోకి తోశారనీ తేలింది. తిప్పిన కెమెరాతో పాటు ఆ అబద్ధానికి అర్థం పెట్టిన వాక్యమూ బాధ్యురాలే.

మన చివరి ప్రతిలో మాట వినబడేది 36 సెకన్లలో సుమారు 14. ఇదైనా రికార్డింగుకు ముందు రచయిత స్వయంగా గొంతెత్తి బొమ్మతో పాటు చదువుకోవాలి, స్టూడియో భాషలో స్క్రాచ్ వాయిస్. మనసులో చదువుకుంటే ఊపిరి తీసుకునే చోట్లు లెక్కలోకి రావు. ఎడిటింగ్ పూర్తిగా ఖరారయ్యాకే తుది మాట రాయాలి. ఆ తర్వాత ఎడిటర్ ఒక షాట్‌లో సెకను కోసినా ఈ లెక్కంతా మళ్ళీ మొదలు.

పని కుదిరిందా లేదా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తెర ఆర్పేసి గొంతు మాత్రమే వినాలి. మొదటి చిత్తుప్రతిని అలా వింటే ఘట్టం మొత్తం అర్థమైపోతుంది, బొమ్మ అవసరమే పడదు. అది రేడియోకు రాసినట్టు. రెండోదాన్ని అలా వింటే ‘మిగతా దూరం పిల్లది’ అన్న మాట దగ్గర ఎవరికైనా దిక్కు తోచదు, ఏ దూరమో చూడాలనిపిస్తుంది. అలా అనిపించిన చోట రాత సరైన చోట ఆగిందని అర్థం.