రెండో మెసేజ్

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు "నమస్తే సార్" అని వాట్సాప్‌లో పంపిస్తాం. రెండు టిక్కులు పడతాయి. మధ్యాహ్నానికి అవి నీలం రంగుకు మారతాయి. సాయంత్రమైనా, మర్నాడైనా జవాబు ఉండదు. గురువారం నాటికి వేలు మళ్లీ అదే చోటికి వెళ్లి "నమస్తే సార్" అని టైపు చేయబోతుంది. ఆ రెండో నమస్తేను ఎందుకు పంపకూడదో, దాని బదులు ఏం రాయాలో చూద్దాం. పాత లెక్చరర్‌ను రికమండేషన్ లెటర్ అడగబోతున్న ఒక విద్యార్థినిని ఉదాహరణగా తీసుకుంటాను. ఇది చాలా ఇళ్లలో ప్రతి శీతాకాలం జరిగేదే.

ముందు, ఒట్టి నమస్కారానికి జవాబు ఎందుకు రాదో తెలియాలి. సంభాషణలు ఎలా మొదలవుతాయో పరిశీలించిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఇమాన్యుయల్ షెగ్లాఫ్ 1968లో ఒక వ్యాసం ప్రచురించారు. పోలీసులకు వచ్చిన, పోలీసులు చేసిన సుమారు 500 ఫోన్ కాల్స్‌లో మొదటి మాటలు ఎలా సాగాయో ఆయన చూశారు. ఫోన్ ఎత్తినవారే ముందు మాట్లాడతారన్న సూత్రం వాటికి సరిపోయింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్క కాల్‌లో ఫోన్ ఎత్తినవారు ఏమీ అనలేదు. కాసేపు నిశ్శబ్దం తర్వాత, చేసినవారే "హలో" అన్నారు. దాన్నిబట్టి షెగ్లాఫ్ తన సూత్రాన్నే సరిచేసుకున్నారు. ఫోన్ మోగడం ఒక పిలుపు, ఎత్తి పలకడం దానికి జవాబు. జవాబు రానప్పుడు అవతలివారు అన్న "హలో" పలకరింపు కాదు, మోగిన గంటనే మరోసారి మోగించడం.

వాట్సాప్‌లో మనం పంపే "నమస్తే సార్" కూడా చాలాసార్లు అలాంటి పిలుపే. అందుకున్నవారికి అది మర్యాదగానే కనిపిస్తుంది కానీ దాని వెనక ఏదో పని ఉందని తెలుస్తుంది, ఆ పని ఏమిటో తెలియదు. "నమస్తే అమ్మా, చెప్పు" అని రాస్తే, ఆ వచ్చేదానికి అప్పటికే సగం ఒప్పుకున్నట్టు అవుతుంది. తీరిక దొరికాక చూద్దాం అనుకుంటారు, అక్కడే ఆగిపోతుంది. ఫోన్ గంట అయితే కాసేపటికి ఆగి మాయమవుతుంది. మెసేజ్ అలా కాదు, తెరమీద ఉండిపోతుంది. గురువారం పంపిన రెండో నమస్తే మంగళవారం నాటి నమస్తే కిందే చేరి, "ఇది రెండోసారి" అని లెక్క చూపిస్తుంది. మనం మర్యాద అనుకుని పంపింది అక్కడ ఫిర్యాదులా కనిపించేది అందుకే. ఒక ప్రశ్నార్థకం గుర్తు, "సార్ చూశారా?", చేతులు జోడించిన బొమ్మ, గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటో, ఇవన్నీ అదే గంటను మళ్లీ కొట్టడమే.

కాబట్టి రెండో మెసేజ్ చేయాల్సిన పని మొదటిదాన్ని గుర్తు చేయడం కాదు, దాన్ని పూర్తి చేయడం. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. జవాబు రాకపోవడానికి కారణం అవతలివారి నిర్లక్ష్యం అనుకుంటే మన వాక్యంలో ఎక్కడో ఒక ముల్లు దిగుతుంది. విషయం రాయకుండా ఆపేసింది మనమే అనుకుంటే వాక్యం దానంతటదే మెత్తబడుతుంది. నిజం కూడా అదే కదా.

పంపే ముందు టిక్కులను సరిగ్గా చదవడం మంచిది. ఒకే బూడిదరంగు టిక్కు ఉంటే మెసేజ్ ఇంకా వాళ్ల ఫోన్‌కు చేరలేదు. ఫోన్ ఆపి ఉండవచ్చు, నెట్ లేకపోవచ్చు, ఆ నంబరే మార్చేసి ఉండవచ్చు. అలాంటప్పుడు రెండోది పంపినా మొదటిదాని వెనకే వరుసలో నిలబడుతుంది. కొన్ని రోజులైనా అదే టిక్కు ఉంటే వాళ్లు వాడే నంబరు ఏదో ఇంకొకరిని కనుక్కోవాలి. రెండు బూడిద టిక్కులంటే ఫోన్‌కు చేరింది, అంతే. చదివిన గుర్తు కనపడకుండా సెట్టింగ్ ఆపేసుకున్నవారి దగ్గర అవి ఎప్పటికీ నీలం కావు. తెర పైన వచ్చే నోటిఫికేషన్‌లోనే చదివేసినా కావు. నీలమైతే ఆ చాట్ తెరిచారని అర్థం. తరగతికి వెళ్తూ తెరిచి మరిచిపోవడం కూడా తెరవడమే. ఏ రంగు టిక్కైనా అవతలి మనిషికి ఇష్టం ఉందో లేదో చెప్పదు. అందుకే "బ్లూ టిక్ వచ్చింది సార్" అని ఎప్పుడూ రాయకూడదు. అది వాళ్లను కాపలా కాస్తున్నట్టు ఉంటుంది.

ఎంత కాలం ఆగాలి? మామూలు పనికి రెండు మూడు పనిదినాలు చాలు. శుక్రవారం పంపినదానికి ఆదివారం లెక్కలోకి రాదు. లెక్చరర్ల విషయంలో పరీక్షలు, పేపర్ వాల్యుయేషన్ రోజులు కూడా లెక్కలోకి రావు. గడువు దగ్గరపడితే మాత్రం మర్నాడే రాయవచ్చు, కానీ ఆ తేదీ మెసేజ్‌లో ఉండాలి. ఎందుకు తొందరో తెలిసినప్పుడు తొందర మోటుగా అనిపించదు.

ఇక ఆ విద్యార్థిని గురువారం రాయాల్సిన మెసేజ్. మొదటి వాక్యంలోనే తన పేరు ఉండాలి. నంబరు సార్ ఫోన్‌లో సేవ్ అయి ఉండకపోవచ్చు. పైగా చాట్‌ల జాబితాలో కనిపించేది చివరి మెసేజ్‌లోని మొదటి కొన్ని మాటలే. పేరు చెప్పాక ఇలా సాగవచ్చు:

"సార్, 2023 బ్యాచ్ ఎమ్మెస్సీ ఫిజిక్స్, ప్రాజెక్టు మీ గైడెన్స్‌లోనే చేశాను. మొన్న విషయం రాయకుండానే ఆపేశాను. విదేశంలో పీజీకి అప్లై చేస్తున్నాను, మీ రికమండేషన్ లెటర్ కావాలి సార్. యూనివర్సిటీ వాళ్లు మీ మెయిల్‌కు లింకు పంపుతారు, డిసెంబర్ 10 లోపు అప్‌లోడ్ చేయాలి. నా మార్కులు, ప్రాజెక్టు వివరాలు ఒక పేజీలో రాసి పంపగలను. ఈ నెలలో మీకు వీలు కాకపోతే చెప్పండి సార్, వేరే మేడమ్‌ను అడుగుతాను. వీలవుతుందంటే మీ మెయిల్ ఐడీ పంపితే చాలు."

ఇందులో మళ్లీ నమస్తే లేదు. అయినా గౌరవం ఎక్కడా తగ్గలేదు. "సార్" అన్న పిలుపులో, "చెప్పండి"లో అది ఉంది. మంగళవారం పెట్టిన నమస్కారం ఇంకా చెల్లుతూనే ఉంది కాబట్టి దాన్ని మళ్లీ పెట్టనక్కర్లేదు. "మొన్న విషయం రాయకుండానే ఆపేశాను" అన్న వాక్యం పాత మెసేజ్‌ను గుర్తు చేస్తుంది, కానీ జవాబు రాలేదన్న సంగతి ఎత్తదు. లోటు రాసినవారి వైపే ఉంచుతుంది.

మరో రెండు చోట్ల జాగ్రత్తగా చూడండి. "వీలు కాకపోతే చెప్పండి, వేరే మేడమ్‌ను అడుగుతాను" అన్నప్పుడు కాదనే దారి తెరిచి ఉంది, అదీ నిజంగా తెరిచి ఉంది. ఆ మేడమ్ ఎవరో ఆ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి. "మీరు తప్ప నాకెవరూ లేరు సార్" అని రాస్తే ఆ తలుపు మూసేసినట్టే. అప్పుడు కాదనలేని మనిషి మౌనంగా ఉండిపోతాడు. రెండోది, చివర అడిగింది చాలా చిన్నది. లెటర్ రాయడం అరపూట పని, మెయిల్ ఐడీ పంపడం అరనిమిషం పని. ఆ అరనిమిషం పనికి జవాబు వస్తే మిగతాది మొదలైనట్టే.

"డిస్టర్బ్ చేస్తున్నందుకు క్షమించండి" అన్న మాట నా ఉద్దేశంలో ఇక్కడ అవసరం లేదు. ఒకసారి అంటే పర్వాలేదు. రెండుమూడుసార్లు అంటే, క్షమించామని చెప్పాల్సిన పని కూడా అవతలివారి మీద పడుతుంది.

దీన్నంతా ఒకే మెసేజ్‌గా పంపాలి. వాక్యానికొకటి చొప్పున ముక్కలుగా పంపితే ఫోన్ అన్నిసార్లూ మోగుతుంది. జాబితాలో చివరి ముక్క మాత్రమే, అంటే "థాంక్యూ సార్" మాత్రమే కనిపిస్తుంది. పాత నమస్తేను పక్కకు జరిపి, దానికి రిప్లైగా కూడా పంపవద్దు. అది జవాబు రాని చోటును వేలు పెట్టి చూపినట్టు ఉంటుంది. ఈమెయిల్‌లో మాత్రం పాత మెయిల్ కిందే రిప్లై ఇవ్వడం మేలు, అక్కడ ముందటి విషయం చదవడానికి అందుబాటులో ఉంటుంది. మొదటి నమస్తే పంపిన పదిహేను నిమిషాల లోపే గుర్తొస్తే, వాట్సాప్‌లో దాన్నే ఎడిట్ చేసి విషయం చేర్చవచ్చు. ఆ తర్వాత అందరికీ కనపడకుండా డిలీట్ చేస్తే "ఈ మెసేజ్ తొలగించారు" అన్న గుర్తు మిగిలిపోతుంది, నమస్తే కన్నా అదే ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

పని ఏమీ లేకుండా, చాలా కాలం తర్వాత పాత స్నేహితుడిని "ఏరా, ఎలా ఉన్నావ్" అని పలకరించి జవాబు రాకపోతే సంగతి వేరు. అక్కడ రెండోసారి ఒక నిర్దిష్టమైన విషయం చాలు. "మన హాస్టల్ పక్క టిఫిన్ సెంటర్ మూసేశారట, నిన్న అటు వెళ్తే తెలిసింది" లాంటిది. దానికి జవాబు ఇవ్వడం తేలిక, ఇవ్వకపోయినా ఏ బరువూ ఉండదు.

పరిచయం లేని వ్యక్తికి, ముఖ్యంగా పరిచయం లేని స్త్రీకి, స్నేహం కోసం "హాయ్" పంపి జవాబు రాలేదంటే మాత్రం రెండోది అస్సలు వద్దు. అక్కడ మౌనమే జవాబు. తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసినా వ్యక్తిగత పరిచయం పెంచుకోవడానికి ఒక స్త్రీని పదేపదే సంప్రదిస్తే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. జవాబు రాని ఒక్క హాయ్ నేరం కాదు. కానీ ఆ దారిలో రెండో అడుగు వేయడానికి ఏ కారణమూ లేదు.

మళ్లీ ఆ విద్యార్థిని దగ్గరికి వద్దాం. గురువారం మెసేజ్‌కు కూడా సార్ నుంచి ఏమీ రాలేదనుకుందాం. మూడోది రాయకూడదు. మూడోది ఎంత బాగా రాసినా మొదటి రెండింటినీ కలిపి ఒత్తిడిగా మారుస్తుంది. సోమవారం కాలేజీకి వెళ్లి డిపార్ట్‌మెంట్‌లో నేరుగా కలిస్తే అది కొత్త పలకరింపు, అక్కడ వాట్సాప్ ఊసు ఎత్తాల్సిన పని లేదు. వెళ్లలేకపోతే, ముందే అనుకున్న మేడమ్‌ను అదే రోజు అడగాలి. ఈసారి పేరు, విషయం, తేదీ మొదటి మెసేజ్‌లోనే ఉండాలి. పది రోజుల తర్వాత సార్ నుంచి "సారీ అమ్మా, ఇప్పుడే చూశాను, లింకు పంపించు" అని వస్తే: "థాంక్స్ సార్. మూడు లెటర్లలో ఒకటి మేడమ్ ఇచ్చారు. మీది కూడా ఉంటే మేలు సార్, లింకు ఈ రోజే వస్తుంది."