మారాల్సింది ఒక్క బల్బే

ఆర్డుయినో యునో బోర్డులో 8 నుంచి 13 వరకు ఉన్న ఆరు పిన్నులకు ఆరు ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి ఒక రెసిస్టరు తగిలిస్తారు. ల్యాబ్‌లో విద్యార్థికి ఇచ్చే పని చిన్నదే: చెప్పిన ఎల్‌ఈడీ ఒక్కటే మారాలి, మిగతా అయిదూ ఎలా ఉన్నవి అలాగే ఉండాలి.

ఈ ఆరింటినీ నడిపేది బోర్డులోని ATmega328P చిప్‌లో PORTB అనే ఎనిమిది బిట్ల రిజిస్టరు. బిట్లను కుడి చివర నుంచి, సున్నాతో మొదలుపెట్టి లెక్కిస్తారు. 8వ పిన్ను సున్నా బిట్‌ది, 13వది అయిదో బిట్‌ది. పిన్నులను ముందే అవుట్‌పుట్‌గా పెట్టుకుంటే, బిట్ 1 అయినప్పుడు ఎల్‌ఈడీ వెలుగుతుంది, 0 అయితే ఆరుతుంది.

ఇప్పుడు 10, 11, 13 పిన్నుల ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయి అనుకుందాం. అంటే రిజిస్టరులో ఉన్నది 00101100, మన లెక్కలో 44. తొమ్మిదోది వెలిగించాలి, పదకొండోది ఆర్పాలి, పదమూడోదాన్ని ఉన్న స్థితి నుంచి తిప్పాలి.

```
PORTB |=  (1 << 1);
PORTB &= ~(1 << 3);
PORTB ^=  (1 << 5);
```

మొదటి వరుసలో 1ని ఒక స్థానం ఎడమకు జరిపితే 00000010 వస్తుంది. ఇదే మాస్క్. దీన్ని ఆర్ చేస్తే మాస్క్‌లో 1 ఉన్న చోట 1 చేరుతుంది, సున్నాలున్న చోట పాత విలువే నిలుస్తుంది. ఫలితం 00101110, అంటే 46.

ఆర్పడానికి మాస్క్‌ను తిరగేయాలి. 00001000 కాస్తా 11110111 అవుతుంది. దానితో యాండ్ చేస్తే మూడో బిట్ ఒక్కటే సున్నా అయి, 00100110 మిగులుతుంది. ఇది 38. చివరి వరుసలోని ఎక్స్‌ఆర్ అయిదో బిట్‌ను తిప్పేసి 6 చేస్తుంది. అదే వరుస మళ్లీ నడిపితే తిరిగి 38.

తప్పు ఎక్కడ జరిగిందో ఎల్‌ఈడీలే చూపిస్తాయి. `~` బదులు `!` పెడితే ఆరూ ఒకేసారి ఆరిపోతాయి. 8 సున్నా కాదు కనుక `!(1 << 3)` విలువ సున్నా, దానితో యాండ్ చేస్తే ఏ బిట్టూ మిగలదు. `|=` బదులు ఉత్త `=` రాస్తే తొమ్మిదోది తప్ప అన్నీ ఆరతాయి. పిన్ను నంబరే బిట్ నంబరనుకుని `1 << 9` రాస్తే అసలేమీ కదలదు: ఆ 1 ఎనిమిది బిట్ల అవతల పడింది. కంపైలర్ ఆపకపోవచ్చు కాబట్టి ఈ మూడో తప్పే ఎక్కువసేపు ఏడిపిస్తుంది.

ఎక్స్‌ఆర్‌తో ఒక జాగ్రత్త అవసరం. ఎల్‌ఈడీ అప్పటికే ఆరి ఉంటే అది వెలిగిస్తుంది. కచ్చితంగా ఆరాలి అన్నప్పుడు, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నా సరే, `&=` తో `~` మాస్కే వాడండి.