వరద వేళ ఆగిన అంకెలు: సర్వర్‌ను ఎన్నిసార్లు అడగాలి?

కృష్ణా, గోదావరి జలాశయాల నీటిమట్టాలు చూపే ఒక పేజీని మా డెస్క్ నడిపేది. బయటి సంస్థ సర్వర్ నుంచి 40 జలాశయాల లెక్కలు ప్రతి నిమిషం తెచ్చుకునేలా ప్రోగ్రామ్ రాశాం. నిమిషానికి 60 అభ్యర్థనలు మించకూడదన్నది ఆ సంస్థ నిబంధన. కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాం.

వరద పెరిగిన రోజు అందరూ అటే పరుగెత్తడంతో సర్వర్ నెమ్మదించింది. జవాబు రావడానికి 8 సెకన్లు పట్టేది. మా ప్రోగ్రామ్ మాత్రం 5 సెకన్లకే విసిగిపోయి, వెంటనే మళ్లీ అడిగేది, అలా మూడుసార్లు. అంటే 40 అభ్యర్థనలు కాస్తా 20 సెకన్ల లోపే 160 అయ్యాయి. మనం ఎదురుచూడటం మానేసినంత మాత్రాన అవతలి సర్వర్ పని ఆపేస్తుందన్న భరోసా లేదు. పాత పని నడుస్తుండగానే కొత్తది వచ్చి పడుతుంది. కాసేపటికి లాగ్ నిండా `429 Too Many Requests` అన్న జవాబులే. దాన్ని కూడా మామూలు వైఫల్యంగా లెక్కేసి, మా ప్రోగ్రామ్ మరింత వేగంగా అడగసాగింది.

429తో పాటు చాలా సర్వర్లు `Retry-After` అనే హెడర్ పంపుతాయి. అందులో 30 అని ఉంటే 30 సెకన్లు ఆగాలని అర్థం. కొన్నిసార్లు సెకన్లకు బదులు తేదీ, సమయం ఉంటాయి. అది ఉన్నప్పుడు మన లెక్కలు పక్కనపెట్టి దాన్నే పాటించాలి. లేనప్పుడు పనికొచ్చేది ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్: విఫలమైన ప్రతిసారీ ఆగే గడువును రెట్టింపు చేయడం.

```python
wait = random.uniform(0, min(60, 2 * 2**n))
```

ఇక్కడ `n` సున్నాతో మొదలవుతుంది. గరిష్ఠ గడువు 2, 4, 8, 16 సెకన్లుగా పెరుగుతూ 60 దగ్గర ఆగుతుంది. `random` ఎందుకంటే, ఒకేసారి విఫలమైన 40 అభ్యర్థనలూ సరిగ్గా అదే క్షణంలో తిరిగొస్తే మళ్లీ అదే తొక్కిసలాట. దీన్ని జిట్టర్ అంటారు.

మాకు ఆలస్యంగా తెలిసిందేమిటంటే, ఏ జలాశయానికి ఆ జలాశయం విడిగా ఆగితే చాలదు. పరిమితి మొత్తం ఖాతాకు కాబట్టి, ఒక్క 429 వచ్చినా క్యూ అంతా ఆగాలి. ముందటి రిఫ్రెష్ ముగియకుండా తర్వాతిది మొదలవకుండా తాళం కూడా వేయాలి. ఇక 401, 404 లాంటి జవాబులకు ఎంతసేపు ఆగి అడిగినా ఫలితం మారదు. అక్కడ సరిచేయాల్సింది సాధారణంగా మన తాళంచెవినో, చిరునామానో.

అసలు ఆ సంస్థ లెక్కలు మార్చేదే గంటకోసారి. నిమిషానికోసారి అడగడం మా అత్యాశే (ఎడిటర్‌కు ‘లైవ్’ అన్న మాట ఇష్టం).

ఇప్పుడు ఐదు ప్రయత్నాలు విఫలమైతే ప్రోగ్రామ్ ఆ విడతకు ఆగిపోతుంది. పేజీలో పాత అంకెనే ఉంచి, పక్కన ‘ఉదయం 6 గంటల నాటిది’ అని రాస్తుంది. ఆ వరద రోజు మా పేజీ ఉదయపు నీటిమట్టం పక్కన మధ్యాహ్నపు సమయం చూపించింది.